పెళ్లిలో నీళ్లు ఎలా పోస్తారన్నదే చెత్త లెక్క

నల్లగొండ వైపు ఏ ఫంక్షన్ హాల్లో పెళ్లయినా మర్నాడు పొద్దున వెనక గేటు దగ్గర సంచుల కొద్దీ చిన్న నీళ్ల సీసాలు కనిపిస్తాయి. చాలావాటిలో సగం నీళ్లు అలాగే ఉంటాయి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి మనుషుల నడుములు వంగిపోయిన ప్రాంతం ఇది. అతిథికి మంచినీళ్లే ఇవ్వాలన్న పట్టింపును ఎవరూ తప్పు పట్టలేరు. కానీ మంచినీళ్లు ఇవ్వడం వేరు, మనిషికో సీసా ఇవ్వడం వేరు.

చెత్త విషయంలో మెట్ల లాంటి ఒక వరస ఉంది. ముందు చెత్త పుట్టకుండా చూడాలి. తప్పనిసరైతే ఆ వస్తువునే మళ్లీ మళ్లీ వాడాలి. అదీ కుదరకపోతే దాంతో కొత్త వస్తువు చేయాలి, లేదంటే కాల్చి వేడినైనా రాబట్టాలి. ఇవేవీ కానిదాన్నే పూడ్చాలి. యూరప్ 2008లో దీన్ని చట్టంలోనే రాసుకుంది. మన దగ్గర మున్సిపాలిటీల శ్రమంతా కింది మెట్ల మీదే ఖర్చవుతోంది. పై మెట్టు మీద నిర్ణయం హాలు బుక్ చేసిన రోజే జరిగిపోతుంది, అప్పుడు అక్కడ అడిగేవాళ్లు ఉండరు.

ఐదొందల మంది భోజనం అనుకుందాం. మనిషికి పావు లీటరు సీసాలు రెండు చొప్పున వెయ్యి సీసాలు. అందులో ఉన్న నీళ్లు 250 లీటర్లే, అంటే ఇరవై లీటర్ల క్యాన్లు పదమూడు. మిషన్ భగీరథ కృష్ణా నీళ్లు హాలుకు సరిగ్గా అందుతుంటే క్యాన్లు కూడా అక్కర్లేదు. క్యాన్ అయితే ఖాళీ అయ్యాక మళ్లీ వాటర్ ప్లాంటుకే పోతుంది, కడిగి నింపుతారు. వీధివీధినా మనం రోజూ చేస్తున్న పునర్వినియోగం అదే, పెళ్లికి వచ్చేసరికే మర్చిపోతున్నాం.

స్టీలు గ్లాసులు టెంట్ హౌస్‌లో అద్దెకు దొరుకుతాయి. సిద్దిపేట వైపు ఊళ్లలో విందులకు స్టీలు సామాను ఇచ్చే స్టీలు బ్యాంకులే పెట్టుకున్నారు. కడగడానికి నీళ్లెక్కడివి అని క్యాటరింగ్ వాళ్లు అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్నే. గ్లాసుకు అర లీటరు వేసుకున్నా ఇంకో 250 లీటర్లు కావాలి. ముందు బోరు నీళ్లతో కడిగి, చివర ఒక్కసారి మంచినీళ్లతో జాడిస్తే సరిపోతుంది. నిజమైన ఖర్చు నీళ్లది కాదు, కడిగే ఇద్దరు మనుషుల కూలిది. ఆ కూలి మిగుల్చుకోవడానికే పేపర్ కప్పు వచ్చింది. దాని లోపల పల్చటి ప్లాస్టిక్ పూత ఉంటుంది. అది కాగితంలోంచి సులువుగా విడిపోదు కాబట్టి మన స్క్రాప్ దుకాణాల్లో దాన్ని తీసుకోరు. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ గ్లాసుల్ని నిషేధించారు సరే, వాటి చోటులోకి ఈ కప్పే వచ్చి కూర్చుంది.

సీసాను స్క్రాప్ వాళ్లు కొంటారు కదా అంటారు. కొంటారు, కానీ ఖాళీగా, శుభ్రంగా ఉంటేనే. సీసా ఒక ప్లాస్టిక్, మూత ఇంకో ప్లాస్టిక్. ముక్కలు చేసి నీళ్లలో వేస్తే సీసా ముక్కలు మునుగుతాయి, మూత ముక్కలు తేలుతాయి. అలా వేరుచేస్తారు. సాంబారు, నూనె అంటిన ఆకులతో కలిపి ఒకే సంచిలో తొక్కితే ఆ కష్టం ఎవరూ పడరు. బాగా ఏరినా చాలావరకు పాలిస్టర్ దారమే అవుతుంది, తిరిగి సీసా కావడం తక్కువ.

మిగిలింది సిమెంటు ఫ్యాక్టరీకి పంపొచ్చు. వాడపల్లి, మఠంపల్లి, మేళ్లచెరువు వైపు ఫ్యాక్టరీలున్న మన ప్రాంతానికి ఇది దగ్గరి దారే. బట్టీలో సిమెంటుకు మూలమైన క్లింకర్ తయారయ్యేది దాదాపు 1450 డిగ్రీల దగ్గర, ఆ వేడికి ప్లాస్టిక్ పూర్తిగా కాలిపోతుంది, ఫ్యాక్టరీకి కొంత బొగ్గు ఆదా అవుతుంది. అయితే చెత్త తడిగా ఉంటే దాని వేడిలో చాలా భాగం నీళ్లను ఆవిరి చేయడానికే పోతుంది. పెళ్లి ఫ్లెక్సీలు ఇంకా తలనొప్పి. వాటిలో పీవీసీ ఉంటుంది, అందులోని క్లోరిన్ బట్టీ ముందున్న గొట్టాల్లో పొరలు పొరలుగా పేరుకుపోయేలా చేస్తుంది. అందుకే ఫ్యాక్టరీ వాళ్లు క్లోరిన్ చూసే సరుకు తీసుకుంటారు. ఫ్లెక్సీకి ఈ కాల్చే మెట్టు మీద చోటు దొరకడం కష్టమన్నమాట. గడ్డివాము మీద కప్పితే కొన్నాళ్లు పనికొస్తుంది, అసలు కొట్టించకపోతే ఇంకా మంచిది.

ఇవన్నీ దాటిపోయింది డంపింగ్ యార్డుకు చేరుతుంది. అన్నం, కూరలు లోపల గాలాడక కుళ్లి మీథేన్ పుట్టిస్తాయి, ఎండాకాలం కుప్పలు అంటుకోవడంలో దానికీ పాత్ర ఉంది. వాన పడితే ఊరిన నీళ్లు నేలలోకి దిగుతాయి. భూగర్భ జలం ముందే పాడైన చోట ఇంకో విషం కలుపుకునే స్థోమత మనకు లేదు. మోదుగాకు విస్తరి, మిగిలిన అన్నం విడిగా పెడితే ఎరువవుతాయి, ప్లాస్టిక్ పూత ఉన్న విస్తరి కాదు.

2016 ఘన వ్యర్థాల నిబంధనల్లో లైసెన్సు లేని చోట వంద మందికి మించిన కార్యక్రమం పెట్టేవాళ్లు కనీసం మూడు పనిదినాల ముందు మున్సిపాలిటీకో పంచాయతీకో తెలపాలని రాశారు. చెత్త వేరుచేసి ఇచ్చే బాధ్యత కూడా వాళ్లదే. అలాంటి సమాచారం ఫంక్షన్ హాళ్ల పెళ్లిళ్లకూ తీసుకుని, ఆ కాగితంలో రెండు గళ్లు చేర్చితే చాలు: నీళ్లు సీసాల్లోనా, క్యాన్లలోనా? గ్లాసులు కడిగేవా, పారేసేవా? సీసాలు అన్నవాళ్ల దగ్గర వెయ్యి సీసాల ఎత్తుడు రుసుము ముందే కట్టించుకోవాలి. గ్లాసులు కడిగే ఇద్దరి కూలి కంటే ఆ రుసుము ఎక్కువ ఉండాలి, లేకపోతే సీసాలే చవకవుతాయి.