బయానాను డిపాజిట్ చేసిన ఫోను

“ఇటలీలో ఉన్న మనవాళ్లందరికీ ముఖ్య గమనిక! అనువాదకులకు వందల యూరోలు తగలేయకండి. ఏ కాంట్రాక్టయినా, కోర్టు కాగితమైనా ఫోనుతో ఫొటో తీస్తే క్షణంలో తెలుగులో వచ్చేస్తుంది. చట్టం భాష ఎక్కడైనా ఒకటే. ఇప్పటి యాప్‌లు తప్పులు చేయవు. అనుమానం ఉంటే ఆ తెలుగును మళ్లీ ఇటాలియన్‌లోకి మార్చి చూడండి, సరిపోతే సరైనట్టే. ప్రమాణం చేసిన అనువాదం అంటే ఒక్క ముద్ర కోసం దోపిడీ. పదిమందికీ పంపండి.”

ఈ సందేశం ఈ వారంలో నాకు రావడం నాలుగోసారి. మూడుసార్లు స్నేహితులు పంపారు. నాలుగోసారి మా వదిన పంపి, “నీ ఉపాధికి ఎసరు పెట్టారులే” అని పక్కన ఒక నవ్వు బొమ్మ కూడా అంటించింది. పదకొండేళ్లుగా టొరినోలో ఇటాలియన్ ఒప్పందాలనూ కోర్టు కాగితాలనూ ఇంగ్లీషులోకీ, అప్పుడప్పుడు తెలుగులోకీ మార్చి బతుకుతున్నదాన్ని. కాబట్టి నా మాటల్లో స్వార్థం ఉందనుకోండి. అనుకునే చదవండి.

యాప్‌లు తప్పులు చేయవన్నదానికి జవాబు రాయడం దండగ. వాటిని తయారుచేసేవాళ్లు కూడా ఆ మాట అనరు.

చట్టం భాష సంగతికి ఒక్క పదం చాలు. ‘ప్రోకూరా’ అంటే ఊళ్లో ఉన్న అన్నగారికి మనం రాసిచ్చే అధికార పత్రం, మన వాడుకలో జీపీఏ. అదే ‘ప్రోకూరా’ నుంచి మీ పేరున కవరు వస్తే, అది ప్రాసిక్యూటర్ కార్యాలయం. చుట్టూ వాక్యం ఉంటే ఫోను సరిగ్గానే పోల్చుకుంటుంది. కవరు మీది పేరొక్కటే ఫొటో తీస్తే ఏది చెబుతుందో దాని దయ.

ఇక నాకు నిజంగా ఒళ్లు మండిన చోటుకి వస్తాను. ఒప్పందాన్ని ఫొటో తీసి చదువుకుని సంతకం పెట్టేయమనడం. నాకు తెలిసిన ఒక కుర్రవాడు అచ్చం అలాగే చేశాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, తెలివైనవాడు. 1,40,000 యూరోలకు ఒక ఫ్లాటు చూసుకున్నాడు. ఏజెన్సీవాళ్లు రెండు పేజీల అచ్చు కాగితం ముందు పెట్టారు. దాని పేరు ‘ప్రోపోస్తా ఇర్రెవోకాబిలె’, అంటే కొంటానని ఇచ్చే ప్రతిపాదన. పదిహేను రోజులపాటు వెనక్కి తీసుకోవడానికి లేదు. దానితోపాటు 10,000 యూరోల చెక్కు. అతను ఫోనుతో చదివాడు. తెరమీద వచ్చిన వాక్యం ఇది: “ప్రతిపాదకుడు 10,000 యూరోలను నిర్ధారణ డిపాజిట్‌గా చెల్లిస్తాడు.”

చదవడానికి ఎంత చక్కగా ఉంది! వ్యాకరణ దోషం లేదు, అర్థం కాని మాట లేదు. మనవాళ్లకు డిపాజిట్ అంటే ఏమిటి? అద్దె ఇంటికి కట్టి, ఖాళీ చేసేటప్పుడు సున్నాల ఖర్చు పోను వెనక్కి తీసుకునేది. లేకపోతే బ్యాంకులో వేసుకునేది. రెండూ మన సొమ్మే. బ్యాంకు రుణం రాకపోతే డిపాజిట్ తిరిగొస్తుంది కదా అనుకుని అతను సంతకం పెట్టాడు.

ఇటాలియన్‌లో అక్కడ ఉన్న మాట ‘కపార్రా కోన్ఫిర్మతోరియా’. ఇటలీ పౌర స్మృతిలోని 1385వ ఆర్టికల్ దాని సంగతి తేటతెల్లంగా చెబుతుంది. డబ్బు ఇచ్చినవాడు మాట తప్పితే అవతలివాడు ఒప్పందం నుంచి తప్పుకుని ఆ డబ్బు ఉంచేసుకోవచ్చు. తీసుకున్నవాడు మాట తప్పితే ఇచ్చినవాడు దానికి రెట్టింపు అడగవచ్చు. ఊళ్లో పొలం బేరం చూసిన ఎవరికైనా దీన్ని వివరించనక్కరలేదు. ఇది బయానా. రెట్టింపు సంగతి పక్కన పెడితే, మనకు అచ్చంగా సరిపోయే తెలుగు మాట ఉంది, శతాబ్దాలుగా వాడుతున్నాం. ఫోను మాత్రం దాన్ని వదిలేసి, సరిగ్గా వ్యతిరేకమైన ధీమా కలిగించే మాటను ఎంచుకుంది.

ఎందుకు ఎంచుకుందో తెలుసుకుంటే ప్రమాదం ఎక్కడ ఉంటుందో పోల్చుకోవచ్చు. ఇటాలియన్‌లో ఇలా ముందుగా ఇచ్చే డబ్బుకు నాలుగు పేర్లున్నాయి. ఒకటి పైన చెప్పిన బయానా. రెండోది ‘కపార్రా పెనితెంత్సియాలె’. ఇది బేరం వదులుకునే హక్కుకు కట్టే వెల. ఆ డబ్బు వదులుకుంటే ఇక ఎవరూ ఎవరికీ ఏమీ బాకీ లేరు. మూడోది ‘అక్కోంతో’, ధరలో కొంత ముందుగా కట్టడం; బేరం పోతే అది తిరిగి రావలసిన సొమ్ము. నాలుగోది ‘దెపోజితో కౌత్సియొనాలె’, అద్దె ఇంటి డిపాజిట్. మూడు నెలల అద్దెకు మించకూడదని 1978 నాటి చట్టమే చెబుతుంది. ఈ నాలుగింటినీ ఇంగ్లీషు ‘డిపాజిట్’ అన్న ఒకే గంపలో వేసేస్తుంది. తెలుగు అనువాదం చాలాసార్లు ఆ గంపలోంచే వస్తుంది. ఏది పోయే డబ్బు, ఏది వచ్చే డబ్బు అన్న తేడా దారిలోనే జారిపోతుంది.

నాలుగో రోజున యజమాని ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు కుర్రవాడికి చేరిన క్షణం నుంచి ఆ రెండు పేజీలు ప్రతిపాదన కాదు, ఇద్దరినీ కట్టిపడేసే ఒప్పందం. ఆరు వారాల తరువాత బ్యాంకు రుణం కుదరదంది. అతని ఉద్యోగం గడువు ఉన్న ఒప్పందం మీద నడుస్తోందట. యజమాని 10,000 ఉంచేసుకున్నాడు. బేరం కుదిరిన మాట వాస్తవమే కాబట్టి ఏజెన్సీ తన మూడు శాతం కమిషన్ అడిగింది: 4,200 యూరోలు, దానిమీద 22 శాతం పన్ను, మొత్తం 5,124. కలిపితే 15,124 యూరోలు. ఇల్లు లేదు.

అతన్ని కాపాడగలిగింది ఆ కాగితంలో లేని ఒక వాక్యం. ఫలానా తేదీలోగా బ్యాంకు రుణం మంజూరైతేనే ఈ ప్రతిపాదన అమలులోకి వస్తుందని ఒక షరతు రాయించుకోవచ్చు. ఇక్కడ అది రోజూ జరిగే పని. యంత్రం ఉన్నదాన్ని అనువదిస్తుంది, లేనిదాన్ని ఎత్తిచూపదు. ఇలాంటి కాగితాలు వందలు చూసిన అనువాదకురాలు అనువాదం కింద రెండు వరుసలు రాస్తుంది: ఈ సొమ్ము తిరిగి రాదు, రుణం షరతు ఇందులో లేదు, సంతకానికి ముందు వకీలును అడగండి అని. ఆ రెండు పేజీలకు నేను 120 యూరోలు తీసుకునేదాన్ని. దోపిడీ ఎవరిదో మా వదిననే లెక్క వేయమన్నాను. ఇంకా జవాబు రాలేదు.

తిప్పి చూసుకునే చిట్కా మాత్రం రాసినవారి మేధస్సుకు నిదర్శనం. ‘ప్రెస్క్రిత్సియొనె’ అనే మాట ఉంది. చట్టంలో దాని అర్థం కాలదోషం, అంటే ఇన్నేళ్లు అడగకపోతే బాకీ చెల్లదని. దాన్ని ఫోను ప్రిస్క్రిప్షన్ అని చెబుతుందనుకోండి. ఆ ప్రిస్క్రిప్షన్‌ను మళ్లీ ఇటాలియన్‌లోకి మార్చండి. ఏమొస్తుంది? నిక్షేపంలా ‘ప్రెస్క్రిత్సియొనె’. పరీక్ష నూటికి నూరు! అద్దె బాకీకి డాక్టరు చీటీ ఎందుకో మీరు ఆలోచించుకుంటూ ఉండండి. వెళ్లేటప్పుడు దారి తప్పినవాడు అదే దారిన వెనక్కి నడిస్తే ఇంటికి చేరతాడు. వెళ్లవలసిన ఊరు వెళ్లినట్టు కాదు.

ఇంత తిట్టాక ఒకటి ఒప్పుకోవాలి. నేనూ వాటిని వాడతాను, రోజూ. అపార్టుమెంటు సమావేశం నోటీసు, అద్దె ప్రకటన, విశ్వవిద్యాలయం నుంచి వచ్చే ఈమెయిలు, ఇలాంటివాటికి అనువాదకుణ్ని పిలవడం డబ్బు దండగే. నలభై పేజీల ఒప్పందంలో డబ్బు సంగతి ఏ పేజీలో ఉందో వెతకడానికి కూడా యంత్రం చాలు. ఆ ఒక్క పేజీనే మనిషికి ఇవ్వండి.

ముద్ర విషయంలోనూ సందేశం సగం నిజమే చెప్పింది. ఇటలీలో వకీళ్లకు ఉన్నట్టు అనువాదకులకు చట్టబద్ధమైన మండలి లేదు. ప్రమాణం చేసిన అనువాదం అంటే అనువదించినవాళ్లు కోర్టు గుమాస్తా ముందు నిలబడి, పని నమ్మకంగా చేశామని సంతకం పెట్టడం. చాలా కోర్టుల్లో రెండు భాషలు తెలిసిన పెద్దవారు ఎవరైనా ఆ ప్రమాణం చేయవచ్చు, ఆ కాగితంతో సొంత ప్రయోజనం ముడిపడినవాళ్లు తప్ప. కొన్ని కోర్టులు మాత్రం తమ జాబితాలో పేరున్నవారినే రానిస్తాయి. గుమాస్తా అనువాదాన్ని చదవడు. తప్పుల తడకలకు నిక్షేపంలాంటి ముద్రలు పడటం నా కళ్లతో చూశాను. అయినా అబద్ధపు ప్రమాణానికి శిక్ష పడేది ఒక మనిషికి. మీ జనన ధ్రువపత్రాన్ని మీరే ఫోనుతో మార్చి తీసుకెళితే ఆ గుమాస్తా వెనక్కి పంపేస్తాడు. ఇక నాలుగేసి పేజీలకు ఒకటి చొప్పున అంటించే 16 యూరోల స్టాంపు నా జేబులోకి రాదు, ఇటలీ ఖజానాకు పోతుంది.

కోర్టు కాగితం గురించి చివరగా ఒక్క సంగతి. ఇక్కడ కోర్టు కాగితాలు తపాలాలో ఆకుపచ్చ కవరులో వస్తాయి. అందులో ‘దెక్రేతో ఇన్యుంతీవో’ ఉందంటే, అప్పు కట్టమని జడ్జి ఇచ్చిన ఆదేశం. అందిన రోజు నుంచి మామూలుగా 40 రోజుల గడువు. ఒకాయన ఫోనుతో దాన్ని చదివాడు. “ఇదే గడువులో వ్యతిరేకత తెలపవచ్చు” అని వచ్చింది. ఇది తప్పు అనువాదమని కూడా అనలేను. తనకు అప్పు ఇచ్చిన కంపెనీకి ఆయన మర్యాదగా ఈమెయిలు రాసి వ్యతిరేకత తెలిపాడు. ఆ ‘వ్యతిరేకత’ కోర్టులో, సాధారణంగా వకీలు ద్వారా వేయవలసిన వ్యాజ్యం పేరు. నలభై ఒకటో రోజున నాకు ఫోను చేసి, ఆ ఈమెయిలును మంచి ఇటాలియన్‌లోకి మార్చి పెట్టమని అడిగాడు.