అప్పు సగమే, మరి వడ్డీ?

“సొంత నిధులతో పోలిస్తే అప్పెంతో చెప్పే డెట్ టు ఈక్విటీ 0.5 ఉంటే కంపెనీ అప్పు భద్రంగా ఉన్నట్టే కదా? మళ్లీ వడ్డీ కవరేజీ ఎందుకు?”

(బెంగళూరు, మారతహళ్లి. బాబాయ్ బ్యాంకులో రుణాల విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. ప్రశ్న అబ్బాయిది.)

అబ్బాయి: నేను షేర్లు కొన్న పీణ్య ఫోర్జింగ్ కంపెనీనే చూడండి బాబాయ్. సొంత నిధులు 200 కోట్లు, అప్పు 100 కోట్లు. ఆస్తుల విలువ సగానికి పడినా బాకీ తీరిపోతుంది. పైగా కవరేజీ 3 రెట్లుంది.

బాబాయ్: బ్యాంకు బాకీ తీరడం వేరు, నీ షేరు బతకడం వేరురా. వడ్డీని షెడ్లు అమ్మి కట్టరు, ఏటా మిగిలే లాభంలోంచి కడతారు. ఆ 3 ఎక్కణ్ణించి వచ్చింది? వడ్డీకి, పన్నుకు ముందు లాభం 15 కోట్లు, లాభనష్టాల ఖాతాలో వడ్డీ 5 కోట్లు. ఫైనాన్స్ కాస్ట్స్ నోట్ తెరువు. మొత్తం వడ్డీ 8 కోట్లు, ఇంకా కడుతున్న కొత్త ప్లాంటు ఖర్చులో కలిపేసింది 3 కోట్లు. అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 23 ప్రకారం అది సక్రమమే. కానీ జేబులోంచి పోయేది 8. అంటే నీ 3 నిజానికి 1.9. ప్లాంటు మొదలైన రోజు నుంచి ఆ 3 కోట్లూ ఖాతాలోకొస్తాయి, వెంట తరుగుదల ఓ 4 కోట్లు. ఆర్డర్లు ఇంకా రాకపోతే లాభం 11, కవరేజీ 1.4. ఇక ఫ్లోటింగ్ రేటు చూడు, ఆర్‌బీఐ రెపో రేటు పెరిగితే ఈ అప్పు మీద వడ్డీ కూడా పెరుగుతుంది. 2022 మే మొదట్లో 4 శాతమున్న రెపో 2023 ఫిబ్రవరికి 6.5 అయింది. అలాంటి పెరుగుదల మళ్లీ వస్తే 100 కోట్ల మీద వడ్డీ 10.5 కోట్లు. 11 వచ్చి 10.5 పోతుంది. ఇంత జరిగినా నీ 0.5 కదలదు!

అబ్బాయి: సరే, కవరేజీ మాత్రం అన్నీ చెబుతుందా? ఈ ఏడాది కట్టాల్సిన అసలు 40 కోట్లుంటే? కవరేజీ 5 ఉన్నా కంపెనీ ఎగ్గొట్టవచ్చు. పైగా అది ఒక్క ఏడాది లెక్క. ఫోర్జింగ్‌లో మంచి ఏడాది చూసి మురిసిపోతే మునిగిపోతాం.

బాబాయ్: అది ఒప్పుకుంటాను. కట్టాల్సిన అసలు కవరేజీ లెక్కలోకి రాదు. అందుకే మేం అసలు, వడ్డీ రెండూ కట్టడానికి రాబడి సరిపోతుందా అని చెప్పే డీఎస్‌సీఆర్ కూడా వేసేవాళ్లం, ఒక చెడ్డ ఏడాదిని కలిపి చూసేవాళ్లం. కానీ నీ 200లో 80 కోట్లు స్థలం విలువ పెంచి రాసిన రీవాల్యుయేషన్ అని చూశావా? అది తీస్తే 0.83.

అబ్బాయి: స్థలం నిజంగానే పెరిగింది కదా! ఇంకోటి, ఆ అప్పులో 20 కోట్లు ప్రమోటర్ సొంత డబ్బు. మీ బ్యాంకులే దాన్ని ఈక్విటీ కింద లెక్కేస్తాయి.

బాబాయ్: బ్యాంకు అప్పు తీరేదాకా వెనక్కి తీసుకోనని రాసిస్తేనే.

అబ్బాయి: రాసివ్వకుండా ఉంటాడా?

బాబాయ్: ఆ కాగితం నువ్వు చూశావా?