ప్రొప్రైటర్‌షిప్‌ని కంపెనీగా మారుస్తున్నారా? ఆ "డైరెక్టర్ లోన్" ఎంట్రీ ముందు చూడండి

సొంత వ్యాపారాన్ని ప్రైవేట్ లిమిటెడ్ చేసుకున్నవాళ్ళు ఎవరైనా కొత్త కంపెనీ మొదటి బ్యాలెన్స్ షీట్ తెచ్చి నా ముందు పెడితే, నేను అమ్మకాలూ లాభాలూ తర్వాత చూస్తాను. ముందు చూసేది అప్పుల వైపున్న ఒక్క లైను: "డైరెక్టర్ నుంచి అన్‌సెక్యూర్డ్ లోన్". పాత వ్యాపారంలో ఓనర్ క్యాపిటల్ ఎంత ఉందో అంతా అక్కడ అప్పుగా కూర్చుని ఉంటుంది. షేర్ క్యాపిటల్ మాత్రం లక్ష రూపాయలు. ఇది చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఆ ఓనర్ మీద కాదు. ఆయనకు ఇలా రాసిచ్చిన మా వృత్తివాళ్ళ మీద.

"కన్వర్షన్" అని అందరం అంటాం గానీ, ప్రొప్రైటర్‌షిప్ విషయంలో అలాంటిదేమీ లేదు. పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్‌నో ఎల్ఎల్‌పీనో కంపెనీగా మార్చడానికి కంపెనీల చట్టంలో ఒక దారి ఉంది. ప్రొప్రైటర్‌షిప్‌కి లేదు, ఎందుకంటే చట్టం కళ్ళకి ఓనరూ వ్యాపారమూ ఒకరే. కాబట్టి ముందు ఒక కొత్త కంపెనీ పెట్టాలి. ఆ తర్వాత మీ వ్యాపారాన్ని ఒక అగ్రిమెంట్ మీద ఆ కంపెనీకి అప్పగించాలి. అంటే మీరు మీ ఆస్తుల్ని వేరే వ్యక్తికి బదిలీ చేస్తున్నట్టే. బదిలీ అన్నాక క్యాపిటల్ గెయిన్స్ ప్రశ్న వస్తుంది.

ఆ పన్ను పడకుండా 1961 ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టంలో సెక్షన్ 47, 14వ క్లాజు ఒక మినహాయింపు ఇచ్చింది. (2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం వచ్చింది కాబట్టి సెక్షన్ నంబరు మారింది. మీ కాగితాల మీద కొత్త నంబరు వేయించుకోండి.) షరతులు మూడే. వ్యాపారానికి సంబంధించిన ఆస్తులూ అప్పులూ మొత్తం కంపెనీకి వెళ్ళాలి. ఓటింగ్ హక్కులో కనీసం 50 శాతం ఆ ఓనర్ చేతిలో ఉండాలి, అది ఐదేళ్ళపాటు అలాగే ఉండాలి. మూడోది, ఓనర్‌కి షేర్లు తప్ప ఇంకే రూపంలోనూ, నేరుగా గానీ చాటుగా గానీ, ప్రతిఫలమో ప్రయోజనమో ముట్టకూడదు.

ఈ మూడోదే ఆ లోన్ ఎంట్రీ దగ్గర తెగిపోతుంది. కంపెనీ మీ వ్యాపారం తీసుకుని, బదులుగా "నీకు ఇంత బాకీ ఉన్నాను" అని పుస్తకాల్లో రాసుకుంటే అది షేరు కాదు, అప్పు. ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి తీసుకోగలిగిన డబ్బు. ప్రయోజనం అనడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఒక లెక్క వేసి చూపిస్తాను. బాలానగర్‌లో లేత్‌లు, సీఎన్‌సీ మెషీన్లు పెట్టుకుని జాబ్‌వర్క్ చేసే ఒక యూనిట్ ఉందనుకోండి. అంకెలు అర్థం కావడానికి నేను వేసుకున్నవే, కానీ తీరు మాత్రం రోజూ చూసేదే. పుస్తకాల్లో షెడ్డు స్థలం 6 లక్షలు, 2004లో కొన్న ధర. షెడ్డు, మెషీన్లు అరుగుదల పోగా 54 లక్షలు. స్టాకు 40, రావలసిన బాకీలు 70, బ్యాంకులో 10. మొత్తం ఆస్తులు కోటీ 80 లక్షలు. బ్యాంకు అప్పులు 65, సరుకు ఇచ్చినవాళ్ళకి కట్టాల్సింది 35, అంటే అప్పులు కోటి. ఓనర్ క్యాపిటల్ 80 లక్షలు.

ఎక్కువమంది చేసేది ఇది. భార్యాభర్తలు లక్ష రూపాయలు పెట్టి కంపెనీ పెడతారు. తర్వాత ఒకే ఒక్క జర్నల్ ఎంట్రీ: ఆస్తులు కోటీ 80 డెబిట్, అప్పులు కోటి క్రెడిట్, డైరెక్టర్ లోన్ 80 లక్షలు క్రెడిట్. పుస్తకాలు అణా పైసలతో సరిపోతాయి. రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్ వైపు నుంచి ఏ నోటీసూ రాదు. అందుకే తప్పు జరిగిందని ఎవరికీ అనిపించదు.

"పుస్తక విలువకే ఇచ్చాం కదా సార్, లాభం ఎక్కడుంది?" అని అడుగుతారు. మెషీన్ల వరకు ఆ మాట చాలావరకు నిజమే. స్థలం దగ్గర కాదు. 2021 ఫైనాన్స్ చట్టం తర్వాత వ్యాపారాన్ని మొత్తంగా అప్పగిస్తే మీరు రాసుకున్న ధర ఒక్కటే చూడరు. స్థలానికి స్టాంప్ డ్యూటీ విలువ పెట్టి లెక్కగట్టి, రెండిట్లో ఏది ఎక్కువైతే అది తీసుకుంటారు. అది ఇవాళ కోటిన్నర అయితే, 6 లక్షల పుస్తక విలువ మీద కోటీ 44 లక్షల లాభం వచ్చినట్టు. 12.5 శాతం లెక్కన 18 లక్షల పన్ను, సర్‌చార్జీ, సెస్ దానిమీద అదనం. చేతికి ఒక్క రూపాయి రాలేదు, కానీ పన్ను మాత్రం ఓనర్ సొంత రిటర్న్‌లో పడుతుంది. పాత వ్యాపారంలో నష్టాలు మిగిలి ఉంటే, కంపెనీకి వాటిని వాడుకునే హక్కు కూడా ఈ షరతులతోనే ముడిపడి ఉంది. అదీ పోతుంది.

మరి ఎందుకు ఇలా రాస్తారు? పని తక్కువ కాబట్టి. ఆథరైజ్డ్ క్యాపిటల్ పెంచితే ఫీజు, స్టాంప్ డ్యూటీ కట్టాలి. నగదు కాకుండా వ్యాపారం ఇచ్చి షేర్లు తీసుకోవాలంటే రిజిస్టర్డ్ వాల్యుయర్ రిపోర్టు, స్పెషల్ రిజల్యూషన్, రాతపూర్వక అగ్రిమెంట్ అన్నీ ఉండాలి. పైగా "లోన్‌గా ఉంటే రేపు పన్ను లేకుండా తీసుకోవచ్చు" అని ఓనర్‌కి ఒక ఆశ చూపిస్తారు. ట్రిబ్యునల్ దాకా వెళ్ళి ఏదో ఒక వాదన చేసుకోవచ్చు, కాదనను. కానీ చేతిలో చక్కటి దారి ఉండగా, క్లయింట్‌ని ఏళ్ళ తరబడి తిరగాల్సిన కేసులోకి నెట్టడం నాకు ఏ కోశానా న్యాయంగా కనిపించదు.

సరైన దారి కష్టమైనదేమీ కాదు. కంపెనీ పెట్టేటప్పుడే మెమొరాండంలో ఫలానా వ్యాపారాన్ని టేకోవర్ చేయడం ఒక ఉద్దేశంగా రాయించండి. ఆథరైజ్డ్ క్యాపిటల్ కోటికి పెంచండి. ఒక తేదీ పెట్టుకుని, ఆ రోజుకి పాత వ్యాపారం బ్యాలెన్స్ షీట్ తీయించి అగ్రిమెంట్‌కి జతచేయండి. వాల్యుయర్ రిపోర్టు, స్పెషల్ రిజల్యూషన్ అయ్యాక ఓనర్‌కి పది రూపాయల షేర్లు 8 లక్షలు, అంటే సరిగ్గా 80 లక్షలకి, అలాట్ చేయండి. షేర్లు అలాట్ చేసినట్టు రిజిస్ట్రార్‌కి తెలిపే PAS-3 ఫారం పదిహేను రోజుల్లోపే వేసేస్తే టెన్షన్ ఉండదు. డైరెక్టర్ లోన్ లైనులో ఆ రోజు సున్నా ఉండాలి.

ఇంటి ఖర్చుకో పిల్లల పెళ్ళికో డబ్బు కావాలంటే, ఆ తేదీకి బాగా ముందే మీ క్యాపిటల్‌లోంచి డ్రాయింగ్స్‌గా తీసుకోండి. అది మీ డబ్బు మీరు తీసుకోవడమే. అప్పుడు క్యాపిటల్ 80కి బదులు 65 అవుతుంది, షేర్లు అంతకే వస్తాయి. బ్యాంకుకి మాత్రం ముందు చెప్పాలి, లేకపోతే సీసీ లిమిట్ దగ్గర గొడవ వస్తుంది. కంపెనీ మొదలయ్యాక మీ సొంత సేవింగ్స్‌లోంచి కొత్తగా డబ్బు పెడితే, అది నిజమైన లోనే, దాన్ని ఎవరూ తప్పుపట్టరు.

ఇప్పుడు స్థలం సంగతి. షేర్లు సరిగ్గా ఇస్తే ఇన్‌కమ్ ట్యాక్స్ తప్పుతుంది గానీ, రిజిస్ట్రేషన్ ఖర్చు తప్పదు. స్థలం కంపెనీ పేరు మీదికి వెళ్ళాలంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు కావాల్సిందే. తెలంగాణలో అయినా ఆంధ్రాలో అయినా అన్నీ కలిపి సుమారు ఏడున్నర శాతం, కోటిన్నర మీద పదకొండు లక్షల పైమాటే. అందుకని చాలామంది స్థలాన్ని కంపెనీ పుస్తకాల్లో చూపించి దస్తావేజు ఎగ్గొడతారు. పుస్తకాల్లో కంపెనీది, పాస్‌బుక్కులోనో డీడ్‌లోనో ఓనర్‌ది. రేపు బ్యాంకు తనఖా అడిగిన రోజు ఇది బయటపడుతుంది. నా అభిప్రాయం: స్థలాన్ని కంపెనీకి ఇవ్వదలుచుకోకపోతే, మార్పు ఆలోచన వచ్చినప్పుడే దాన్ని వ్యాపారం పుస్తకాల్లోంచి సొంత ఆస్తిలోకి తెచ్చేయండి. అలా బయట ఉన్నట్టుగా కనీసం ఒక ఏడాది బ్యాలెన్స్ షీట్ ఫైల్ అవ్వాలి. తర్వాత కంపెనీకి మార్కెట్ అద్దెకి ఇవ్వండి. తేదీకి వారం ముందు తీసేస్తే మాత్రం "ఆస్తులన్నీ వెళ్ళాలి" అన్న మొదటి షరతు దగ్గర అధికారి కచ్చితంగా ఆపుతాడు.

జీఎస్టీలో జరిగే నష్టం చిన్నదే అయినా ఊరికే జరిగేది. కంపెనీకి పాన్ వేరు, కాబట్టి జీఎస్టీ నంబరూ కొత్తదే. పాత నంబరులో మిగిలిన ఇన్‌పుట్ క్రెడిట్ కంపెనీకి వెళ్ళాలంటే, పాత నంబరు నుంచి ITC-02 వేయాలి. దానికి అప్పులు కూడా బదిలీ అవుతున్నాయని సీఏ సర్టిఫికెట్ కావాలి. తర్వాత కంపెనీ లాగిన్‌లోకి వెళ్ళి దాన్ని యాక్సెప్ట్ చేయాలి. ఇదంతా అయ్యేదాకా పాత నంబరు బతికే ఉండాలి. కొత్త నంబరు వచ్చిందన్న సంతోషంలో ముందు పాతది క్యాన్సిల్ చేయించేసి, తర్వాత "మా నాలుగు లక్షల క్రెడిట్ ఏది?" అని వచ్చేవాళ్ళని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. వ్యాపారాన్ని నడుస్తున్నది నడుస్తున్నట్టుగా మొత్తం అప్పగిస్తే ఆ బదిలీ మీద జీఎస్టీ లేదు. అగ్రిమెంట్‌లో ఆ సంగతి స్పష్టంగా రాయించుకోండి.

పార్టీలందరికీ కొత్త పాన్, కొత్త జీఎస్టీ నంబరు, కొత్త బ్యాంకు ఖాతా ఒకే ఉత్తరంలో పంపండి. లేకపోతే ఆర్నెల్ల తర్వాత కూడా టీడీఎస్ ఓనర్ పాన్ మీదే పడుతుంది. ఆదాయం కంపెనీ రిటర్న్‌లో, టీడీఎస్ ఓనర్ 26ASలో. ఈ ముడి విప్పడానికి అవతలివాళ్ళ అకౌంటెంట్ కాళ్ళావేళ్ళా పడాలి.

ఐదేళ్ళ షరతుని మర్చిపోయేవాళ్ళు ఇంకా ఎక్కువ. మూడో ఏడు అబ్బాయి చదువు ముగించుకుని వస్తాడు, నాన్నగారు సంబరంగా అరవై శాతం షేర్లు గిఫ్ట్ డీడ్ రాసిచ్చేస్తారు. లేదా ఇన్వెస్టర్ వస్తాడు, కొత్త షేర్లు ఇవ్వగా ఓనర్ వాటా 46కి దిగుతుంది. రెండిట్లోనూ మొదట్లో మాఫీ అయిన ఆ కోటీ 44 లక్షల లాభం మళ్ళీ లేచొస్తుంది. ఈసారి పన్ను కట్టాల్సింది ఓనర్ కాదు, కంపెనీ, అదీ షరతు తప్పిన ఏడాదిలో. అబ్బాయికి ఇవ్వాలనుకుంటే ఐదేళ్ళు నిండేదాకా నలభై తొమ్మిది దగ్గరే ఆగండి. షేర్ బదిలీ చేసేముందు ఆడిటర్‌కి టేకోవర్ తేదీ ఉన్న అగ్రిమెంట్ కాపీ చూపించండి. అప్పటికి ఆడిటర్ మారి ఉంటే, కొత్తాయనకి ఈ షరతు ఉందని చెప్పాల్సింది మీరే.