కొంటామన్నవారు, కొన్నవారు

"మూడు వ్యాపారాలు చేతులు కాల్చాయి. నాలుగోసారి ఏం మార్చుకోవాలి?"

గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను. పై ప్రశ్న అడిగినవారిలాగే నాదీ అదే లెక్క కాబట్టి మొన్న రాత్రి డైరీలో రాసుకున్నది ఇక్కడ పెడుతున్నాను.

"ఊరగాయల పార్సిళ్లు, క్యారేజీ భోజనాలు పోయాయి. వాటి సంగతి వదిలేస్తాను. ఇడ్లీ పిండిని మాత్రం కాగితం మీద పెట్టి చూశాను. ప్యాకెట్‌కు ఖర్చు 22 రూపాయలు, దుకాణానికి ఇచ్చేది 32. రోజుకు 40 ప్యాకెట్లు వేశాను. అమ్ముడుపోనివి వెనక్కి తీసుకోవాలన్నది షరతు. మే ఎండకు పిండి పులిసి ప్యాకెట్లు దిండ్లలా ఉబ్బేవి, 12 తిరిగొచ్చేవి. అమ్మిన 28 మీద లాభం 280, పారబోసిన వాటి మీద నష్టం 264. మిగిలింది 16 రూపాయలు, అదీ పెట్రోలు తీయకముందు! అయినా రుచి కుదరలేదేమోనని నెలరోజులు మినప్పప్పు పాళ్లు మారుస్తూ కూర్చున్నాను.

మూడింటిలోనూ చేసిన తప్పు ఒక్కటే. కొంటారా అని అడిగితే చుట్టాలూ ఇరుగుపొరుగూ తప్పకుండా అన్నారు, ఆ మాట నమ్మి ముందే సరుకు తెచ్చాను. మొహమాటానికి అనే మాటకు ఖర్చుండదు కదా! ఇకమీదట డబ్బు చేతికొచ్చాకే పప్పు నానబెడతాను. దుకాణాలు వద్దు. పక్క అపార్ట్‌మెంటులో 30 గడపలున్నాయి. ముందురోజు ఉదయం పదిలోపు డబ్బు పంపినవారికే, మర్నాడు పొద్దున్నే పిండి. రెండు వారాల్లో పదిమంది రెండోసారి అడగకపోతే ఆపేస్తాను."

నిన్న తొమ్మిది మంది పంపారు. తప్పకుండా అన్న మా పిన్ని అందులో లేదు.