వీడ్కోలు ప్రసంగమంటే బయోడేటా చదవడం కాదు

రిటైర్మెంట్ సభలంటే నాకు ముందు నుంచీ టెన్షనే. ఎవరో వెళ్లిపోతున్నారన్న బాధ ఒకటైతే, ఆయన మైకు పట్టుకున్నాక ఎప్పుడు వదులుతారో తెలియకపోవడం ఇంకొకటి. ఏ సంవత్సరంలో చేరారు, ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఏ పెద్దాయన భుజం తట్టారు, అన్నీ వరసగా వస్తాయి. తర్వాత "కష్టపడండి, నిజాయితీగా ఉండండి" అని మనకు ఉపదేశం. ఇంతకాలం పనిచేసిన మనిషి దగ్గర చెప్పడానికి ఇంతేనా అని నాకు ఒళ్లు మండుతుంది.

వినయం పేరుతో జరిగేది మరీ దారుణం. "నేనెంతటి వాడిని, నాకేం తెలుసు" అని పదిసార్లు అంటే అది వినయం కాదు, కాదనమని మనల్ని అడగడం. ముందు వరసలో వాళ్లు "అయ్యో, అలా అనకండి సార్" అనేదాకా ఆపరు.

ఈమధ్య మా అకౌంట్స్ సీనియర్ గారు రిటైరయ్యారు. ఆయన మాట్లాడింది విన్నాక ఇలాంటి ప్రసంగం ఎలా ఉండాలో నాకు బాగా అర్థమైంది. ఆయన తన కెరీర్ మొత్తం చెప్పలేదు. ఒకే ఒక్క సంవత్సరాంతం లెక్కల గొడవ చెప్పారు.

ఖాతాలన్నిటి డెబిట్, క్రెడిట్ మొత్తాలు సమానంగా ఉన్నాయో లేదో చూసే ట్రయల్ బ్యాలెన్స్ టాలీ కావడం లేదట. డెబిట్, క్రెడిట్ల మధ్య 2,700 తేడా. ఈయన 2,700 రూపాయల ఎంట్రీ ఏదో వదిలేశామనుకుని వోచర్లన్నీ తిరగేస్తున్నారు. "నా అనుభవం మీద నాకెంత నమ్మకమంటే, లేని వోచర్ని కూడా రాత్రిదాకా వెతికాను" అన్నారు. అప్పుడు కొత్తగా చేరిన అమ్మాయి ఒకటే అడిగిందట: "సార్, 2,700ను తొమ్మిదితో భాగిస్తే శేషం రావడం లేదు. పక్కపక్క అంకెలేవైనా తారుమారయ్యాయేమో చూద్దామా?"

చూశారు. 8,540 అని పడాల్సిన చోట 5,840 అని ఉంది.

రెండు పక్క అంకెలు చోటు మారితే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో తెగుతుంది. భాగించగా 300 వచ్చింది కాబట్టి, వేలు, వందల స్థానాల్లో మూడు తేడా ఉన్న అంకెల జంటను ముందు వెతికితే చాలు. అయితే అది ఆనవాలే తప్ప రుజువు కాదని ఆయన వెంటనే హెచ్చరించారు. 4,500 రాయాల్సిన చోట సున్నా జారి 450 పడినా తేడా 4,050, అదీ తొమ్మిదితో తెగేదే. లెక్కలతో సంబంధం లేని స్టోర్స్ వాళ్లు కూడా ఫోన్లు పక్కన పెట్టి వింటున్నారు. ప్రసంగం బాగుందో లేదో తెలుసుకోవడానికి అంతకంటే మంచి గుర్తు నాకు తెలియదు.

ఆయన తన పాఠాన్ని చెప్పిన తీరు చూడండి. "ఆ తేడా పట్టింది నేను కాదు. మర్నాడు మేనేజర్ గారు మెచ్చుకున్నది మాత్రం నన్ను. అప్పుడే ఆవిడ పేరు చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను" అని ఆమెను నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. వినయమంటే ఇది. తనను తాను తగ్గించుకోలేదు, వేరేవాళ్లకు రావాల్సింది వాళ్లకు ఇచ్చారు.

ఆ తర్వాత చెప్పిందే నాకు అన్నిటికంటే నచ్చింది. "టాలీ కాని లెక్క మంచిది, తప్పుందని అదే చెబుతుంది. టాలీ అయిన దాన్ని చూసి భయపడండి. ఒక బిల్లు రాయడమే మర్చిపోతే రెండు వైపులా తగ్గుతుంది, లెక్క మాత్రం ముచ్చటగా సరిపోతుంది. అందరూ తల ఊపిన మీటింగులన్నీ నాకు అలాంటివే" అన్నారు. ముందు వరసలో ఒకరిద్దరు నవ్వాలో వద్దో తేల్చుకోలేకపోయారు.

హాస్యం విషయంలో నాదొక పట్టింపు ఉంది. వెళ్లిపోయే మనిషి కింది ఉద్యోగుల మీద జోకులేస్తే వాళ్లు మొహమాటానికి నవ్వుతారు. పాత పగలను చమత్కారంగా తీర్చుకుంటే నవ్వు కూడా రాదు. ఈయన జోకులన్నీ తన మీదే. తేడా దొరికేదాకా ఆ మొత్తాన్ని పడేసి ఉంచే సస్పెన్స్ ఖాతా ఉంటుంది కదా, "రేపటి నుంచి మా ఆవిడకు నేనే సస్పెన్స్ ఖాతా. ఏ పద్దులో వేయాలో ఆవిడకు ఇంకా తెలియడం లేదు" అనేసరికి హాలంతా ఘొల్లుమంది.

పది నిమిషాల్లోపే ముగించి కూర్చున్నారు. తర్వాత ఆయన క్లుప్తతను పొగడటానికి లేచిన పెద్దాయన అరగంట మాట్లాడారు.