మర్యాదగా రాస్తే పని జరగదా?

‘ఆఫీసు మెయిల్‌లో మర్యాద పెడితే లోకువైపోతాం. కారణాలు చెప్పుకుంటే సంజాయిషీలా ఉంటుంది. నాలుగు ముక్కలు కటువుగా రాస్తేనే అవతలివాడు కదులుతాడు.’ ఫోన్లలో తెగ తిరుగుతున్న సలహా.

మాది ఒడిశాలోని పర్లాకిమిడిలో పైపుల దుకాణం. సరుకు శ్రీకాకుళం వైపు నుంచి వస్తుంది. పాతపట్నం దాటితే రాష్ట్రం మారిపోతుంది కాబట్టి బిల్లు మీద ఐజీఎస్టీ పడుతుంది. లక్ష రూపాయల సరుకు మీద 18,000 పన్ను. ఆ బిల్లును అమ్మినాయన తన అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లో చూపిస్తేనే ఆ పన్ను మాకు క్రెడిట్‌గా వస్తుంది, అంటే మేం కట్టాల్సిన పన్నులో తగ్గుతుంది. ఒక జూన్ నెల బిల్లు ఆయన చూపించడం మరిచిపోయాడు. ఆగస్టు మొదటివారంలో మా లెక్కల కుర్రాడు అచ్చం ఆ సలహా ప్రకారమే మెయిల్ కొట్టాడు:

‘జూన్ బిల్లు ఇంకా ఎక్కించలేదు. ఎన్నిసార్లు చెప్పాలి? మీ నిర్లక్ష్యం వల్ల మా డబ్బు ఇరుక్కుంది. వెంటనే చెయ్యండి.’

జవాబు గంటలోనే వచ్చింది. ‘ఎన్నిసార్లు అంటారేంటి? ఒక్కసారేగా ఫోన్ చేశారు!’ బిల్లు సంగతి మాత్రం అందులో లేదు. తిట్టులో ఉన్న చిక్కే ఇది: అవతలివాడికి వాదించడానికి ఒక కొస దొరుకుతుంది, అసలు పని పక్కకు పోతుంది. ఇంకోటి చూడండి. ఇంత గట్టి మెయిల్‌లో బిల్లు నంబరు లేదు, తేదీ లేదు. ‘వెంటనే’ అంటే ఆయనకు ఈ పూటా కావచ్చు, పండగ వెళ్లాకా కావచ్చు. కటువుగా ఉన్నంత మాత్రాన స్పష్టంగా ఉన్నట్టు కాదు.

లోకువ మాటకొస్తే, అందులో కొంత నిజం ఉంది. కుర్రాడు బెదిరిపోయి రెండోసారి ఇలా రాశాడు: ‘నమస్కారమండీ, వీలైతే జూన్ బిల్లు ఒకసారి చూడగలరా? తొందరేం లేదు.’ ‘తప్పకుండా చూస్తాం’ అని జవాబు. చూడమన్నాడు, చూస్తామన్నారు! ఇక్కడ పని చెడగొట్టింది నమస్కారం కాదు. ‘వీలైతే’ అన్నది వీలు కాలేదు అనడానికి దారి ఇచ్చింది, ‘చూడగలరా’ పనిని ప్రశ్నగా మార్చింది, ‘తొందరేం లేదు’ గడువునే తీసేసింది. ‘దయచేసి’, ‘కాస్త’, క్రియ చివర ‘అండి’ అలాంటివి కావు. అవి మనిషిని తాకుతాయి గానీ పనిని తాకవు. మా ఊళ్లో ఒడియా వాళ్లతో మాట్లాడినప్పుడు మాట చివర ‘ఆజ్ఞా’ అంటాం. అంతమాత్రాన అప్పు తీర్చే తేదీ ఎవరూ ముందుకు జరపరు.

కారణం చెప్పడం సంజాయిషీ ఎప్పుడవుతుందంటే, మన ఇబ్బందులు ఏకరువు పెట్టినప్పుడు. ఆ తేదీయే ఎందుకో చెబితే అది గడువుకు బలం. నెలనెలా రిటర్ను వేసేవాళ్లకు జీఎస్టీఆర్-1 గడువు మరుసటి నెల 11. మాకు రావాల్సిన క్రెడిట్ల జాబితా, అంటే జీఎస్టీఆర్-2బి, 14న తయారవుతుంది, మేం పన్ను కట్టాల్సింది 20లోగా. ఈ తేదీలు మా దుకాణం పెట్టినవి కావు కాబట్టి ఆయన కోపగించుకోవడానికీ ఏమీ లేదు. మూడోసారి నేనే కూర్చుని రాశాను. సబ్జెక్టులో ‘బిల్లు నం. 147: 11లోగా జీఎస్టీఆర్-1లో చేర్చాలి’ అని పెట్టి, కింద ఇలా:

‘నమస్కారమండీ. జూన్ 18 నాటి బిల్లు నం. 147 (పన్ను 18,000) మా 2బిలో ఇంకా కనబడలేదు. దయచేసి దీన్ని ఆగస్టు 11లోగా వేసే జులై జీఎస్టీఆర్-1లో చేర్చండి. 14న మా 2బిలో రాకపోతే ఈ నెల కూడా ఆ క్రెడిట్ వాడుకోలేం, 20న ఆ మేరకు చేతి డబ్బు కట్టాలి. చేర్చాక ఒక్క ముక్క మెయిల్ పెట్టండి. బిల్లు కాపీ జతచేశాను.’

‘మీరు ఎక్కించలేదు’ అన్నది ‘మాకు కనబడలేదు’ అయింది. తెలుగులో ఈ సౌకర్యం భలేగా ఉంటుంది, తప్పు ఎవరిదో అనకుండానే తప్పు కనబడుతుంది. ‘నిర్లక్ష్యం’ పోయింది. తేదీ, బిల్లు నంబరు, చెయ్యకపోతే ఏమవుతుందో మాత్రం మొదటి మెయిల్లో లేనివి కొత్తగా చేరాయి. పంపే ముందు నేను చేసే పరీక్ష ఒకటే: నమస్కారాలూ దయచేసిలూ చెరిపేసి చదువుతాను. ఎవరు, ఏం, ఎప్పటికి అన్నవి మిగిలితే పంపుతాను.

దీనికీ హద్దుంది. మళ్లీ మళ్లీ ఎగ్గొట్టేవాడికి మాట మెత్తనైనా గట్టిదైనా ఒకటే. అప్పుడు ‘బిల్లు 2బిలో కనబడేదాకా పన్ను మొత్తం 18,000 ఆపి మిగతాది పంపుతున్నామండీ’ అని రాస్తాను. ‘అండీ’ మాత్రం తీయను.