చక్ కీతో నా ఫొటో

మంట ఇంకా తగ్గలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా. మా చిన్న ఫ్యాక్టరీలో కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మిషన్లకి ఆపరేటర్లు దొరకట్లేదు, పని వచ్చినోళ్ళంతా సిటీకి పోతున్నారు. దాంతో మా ఓనరు గారు ఒక బ్రాండింగ్ ఏజెన్సీని పెట్టారు. వాళ్ళకి పోస్టర్‌కి ఒక ఆపరేటర్ ఫొటో కావాలట. జాబ్ నడుస్తుండగా మా ఆపరేటర్లెవరూ కదల్లేదు, ఖాళీగా కనపడింది బిల్లులు చూసుకునే నేనే.

సీఎన్‌సీ మిషన్‌కి తలుపు మూసుంటుంది, లోపలేం కనపడదు, ఫొటోకి కళ రాదని చెప్పి ఫొటోగ్రాఫర్ నన్ను టూల్‌రూమ్‌లో పాత లేత్ ముందు నిలబెట్టాడు. చేతులకి కొత్త తెల్ల గ్లవుజులు తొడిగాడు, సేఫ్టీ లుక్ అట. పోస్టర్ మీద "రండి, మా కుటుంబంలో చేరండి" అని పెద్దక్షరాలు.

నిన్న ఒకతను ఇంటర్వ్యూకి వచ్చాడు. సీట్లో కూర్చోకముందే ఫోన్ తీసి పోస్టర్‌ని రెండు వేళ్ళతో సాగదీయడం మొదలెట్టాడు.

"సార్, ఇది సీఎన్‌సీ కాదు కదా?"

కాదన్నా. ఇంకాస్త సాగదీశాడు.

"లేత్ మీద గ్లవుజులేంటి సార్? పీస్‌ని పట్టుకుని తిరిగే చక్‌కి దారం ముక్క తగులుకున్నా చెయ్యి లోపలికి లాగేస్తుంది."

నేను నా చేతులు టేబుల్ కిందకి దించుకున్నా, ఎందుకో నాకే తెలీదు. ఈసారి అతని కళ్ళు చక్ దగ్గర ఆగిపోయాయి.

"అయ్యో, చక్ బిగించే కీ చక్‌లోనే ఉంది! స్పిండిల్ ఆన్ చేస్తే అది ఎగిరొచ్చి ఎదురున్నోడి మొహానికే." అప్పుడు ఫొటోలో మొహం చూశాడు, తలెత్తి నా మొహం చూశాడు, మళ్ళీ ఫొటో చూశాడు. పెళ్ళిచూపుల్లో కూడా నన్నెవరూ అంత పరీక్షగా చూసింది లేదు.

తర్వాత అసలు ప్రశ్నలు మొదలెట్టాడు. మిషన్ కంట్రోల్ ఏది, సెట్టింగ్ నేర్పిస్తారా లేక పీస్ పెట్టి తియ్యడమేనా, సైజు తేడా వస్తే ఆఫ్‌సెట్ మేమే మార్చుకోవచ్చా, మిషన్ సెట్ చేసే సెట్టర్ వచ్చేదాకా చేతులు కట్టుకుని నించోవాలా. అతని బాధ న్యాయమే, ఏళ్ళ తరబడి పీస్ పెట్టి పచ్చ బటన్ నొక్కినోడికి ఇంకోచోట సెట్టర్ జీతం ఎవరిస్తారు? ఇవన్నీ పోస్టర్లో వెయ్యమని మిషన్ల లిస్టుతో సహా నేను రాసిచ్చానండీ, "టెక్స్ట్ ఎక్కువైతే ఎవరూ చదవరు సార్" అని ఏజెన్సీ ఆయన మొత్తం పీకేసి కుటుంబాన్ని మాత్రం ఉంచాడు.

కుర్రాడు మళ్ళీ రాలేదు. పొద్దున ఏజెన్సీ ఆయన ఫోన్ చేశాడు, "రీచ్ అదిరిపోయింది సార్, ఆపరేటర్ల గ్రూపుల్లో షేర్లే షేర్లు, అందరూ మీ చేతుల గురించే కామెంట్లు!" రెండో పోస్టర్‌కి గ్రైండింగ్ మిషన్ దగ్గర నించోవాలట. కళ్ళజోడు మాత్రం పెట్టుకోవద్దట, మెరుస్తుందట.